బొరియలోంచి వచ్చిన పలకరింపు: "వాట్సప్, డాక్?" మొదట ఎక్కడ వినిపించింది

కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో పెరిగినవాళ్లెవరికైనా ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. ముందు కేరట్ కరకరా నమిలిన శబ్దం, తర్వాత ముక్కుతో సాగదీసిన ఒక "ఏ...", ఆ వెంటనే తాపీగా "వాట్సప్, డాక్?" అన్న పలకరింపు. టీవీ వైపు చూడకపోయినా, వంటింట్లో అన్నం తింటున్నా, బగ్స్ బన్నీ వచ్చేశాడని తెలిసిపోయేది.

కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి 1995లో వచ్చింది. పగలు బొమ్మలు, పొద్దుపోయాక అదే ఛానెల్లో టీఎన్‌టీ వాళ్ల పాత హాలీవుడ్ సినిమాలు. ఒంటిపూట బడి అయ్యి ఇంటికి వచ్చిన పిల్లలకి ఆ ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా కుందేలు వేటగాడి పక్కన నిలబడి పలకరించగానే నవ్వు వచ్చేసేది, ఎందుకంటే ఆ తమాషాకి భాషతో పెద్దగా పనిలేదు. తుపాకీ పట్టుకున్నవాడు వణికిపోతుంటే, చావాల్సినవాడు కేరట్ నములుతూ క్షేమసమాచారం అడుగుతున్నాడు. బావిలో నీడని చూపించి సింహాన్ని ముంచిన కుందేలు కథ విన్న పిల్లలకి ఈ కుందేలు పరాయివాడిలా అనిపించలేదు.

ఆ పలకరింపు మొట్టమొదట వినిపించింది "ఏ వైల్డ్ హేర్" అనే బొమ్మల చిత్రంలో. అది 1940 జూలై 27న అమెరికాలో విడుదలైంది. నిడివి సుమారు 8 నిమిషాలు. వార్నర్ బ్రదర్స్ పంపిణీ చేసే "మెర్రీ మెలొడీస్" వరసలోది, నిర్మాత లియోన్ ష్లెసింగర్. దర్శకుడు టెక్స్ ఏవరీ, తెరమీద పేరు మాత్రం ఫ్రెడ్ ఏవరీ అని ఉంటుంది. కథ రిచ్ హోగన్, సంగీతం కార్ల్ స్టాలింగ్. కుందేలుకి గొంతు మెల్ బ్లాంక్‌ది, వేటగాడు ఎల్మర్ ఫడ్‌కి ఆర్థర్ బ్రయన్‌ది. టీవీలో ఎపిసోడ్లుగా చూసిన ఇవన్నీ నిజానికి థియేటర్లో అసలు సినిమాకి ముందు వేసిన చిన్న చిత్రాలు. అందుకని ఏది ముందో ఏది వెనకో తేల్చాలంటే టీవీలో వచ్చిన క్రమం ఎందుకూ పనికిరాదు. విడుదల తేదీలు పట్టుకోవాలి.

సమాధానం ఇంత సూటిగా ఉన్నా దీని చుట్టూ వాదన మాత్రం ఎప్పుడూ తెగదు. బగ్స్ 1938లోనే పుట్టాడని ఒకరంటారు. కాదు, 1940 మార్చిలో వచ్చిన చిత్రమే మొదటిదని ఇంకొకరు. ఏకంగా ఆ మాట పేరుతోనే ఒక చిత్రం ఉంది కదా, అదే మొదటిదని మరొకరు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు ఎవరి పట్టు వాళ్లది. నిజానికి ముగ్గురూ ఒక్కో అసలైన ముక్కనే పట్టుకున్నారు గనక ఒక్కొక్కటీ విప్పి చూడాలి. దానికంటే ముందు ఆ మాట పుట్టిన సన్నివేశాన్ని చూడాలి.

చిత్రం మొదలవగానే ఎల్మర్ అడవిలో అడుగులో అడుగేస్తూ వస్తాడు. మనవైపు తిరిగి, చప్పుడు చెయ్యొద్దు, నేను కుందేళ్ల వేటలో ఉన్నాను అంటాడు. ర పలకదు వాడికి, "వ్యాబిట్" అంటాడు. ఎల్మర్ ఊతపదంగా మనం గుర్తుపెట్టుకున్న ఆ మాటకి కూడా ఈ చిత్రమే పుట్టిల్లు. ఒక్క చిత్రంలో రెండు ఊతపదాలు పుట్టాయన్నమాట.

వాడికి ఒక బొరియ కనిపిస్తుంది. బయట కేరట్ ఒకటి పెట్టి చెట్టు వెనక దాక్కుంటాడు. బొరియలోంచి తెల్ల గ్లవ్ వేసుకున్న చెయ్యి ఒకటి పైకి వస్తుంది. మనిషి కనిపించడు, మొహం కనిపించదు, ఉత్త చెయ్యి. అది నేలమీద తడుముతుంది, కేరట్ తగులుతుంది, లటుక్కున లాక్కుని లోపలికి పోతుంది. ఏవరీ ఇక్కడ కావాలనే తాత్సారం చేశాడు. చేతి కదలికలతోనే లోపలున్నవాడు ఎలాంటివాడో చెప్పేశాడు. వాడికి తొందర లేదు, భయం అంతకన్నా లేదు. ఎల్మర్ బొరియలోకి తుపాకీ దూరిస్తే కాసేపు లాగులాట జరిగి, తీరా బయటికి లాగేసరికి గొట్టం ముడేసి ఉంటుంది.

ఎల్మర్‌కి ఒళ్లు మండి కుక్కలా నేల తవ్వడం మొదలెడతాడు. వాడు అలా మట్టి ఎగజిమ్ముతూ ఉండగా పక్కనే ఉన్న ఇంకో బొరియలోంచి కుందేలు తీరిగ్గా బయటికి వస్తాడు. మొదటిసారి పూర్తి ఆకారం మనకి కనిపించేది అప్పుడే. నడిచి వచ్చి, వాడి పక్కన నిలబడి, టోపీ పైకెత్తి తలుపు తట్టినట్టు బుర్రమీద తట్టి, కేరట్ నములుతూ అడుగుతాడు: "వాట్సప్, డాక్?"

ఎల్మర్ తలెత్తి, లోపల కుందేలు ఉంది, పట్టుకోబోతున్నాను అని సమాధానం చెబుతాడు. కుందేలంటే ఎలా ఉంటుందని వీడు అడుగుతాడు. పొడుగు చెవులు అని వాడంటే తన చెవులు చూపించి ఇలాగా అంటాడు. గుప్పెడంత తెల్లతోక అంటే అదీ చూపిస్తాడు. చివరికి ఎల్మర్ బుర్రలో దీపం వెలిగి, వీడే కుందేలేమో అని మనతో గుసగుసలాడతాడు. అప్పుడు కుందేలు వాడి చెవి దగ్గరకొచ్చి, ఎవరికీ చెప్పకు సుమా అని బతిమాలి, మరుక్షణం చెవులు చిల్లులు పడేలా నేనే కుందేల్ని అని అరుస్తాడు.

ఇక్కడ గమనించాల్సింది ఆ పలకరింపు ఉన్న చోటు. చెయ్యి కనిపించినప్పుడు మనసులో ఏర్పడిన కుతూహలం, తుపాకీ గొట్టంతో పెరిగిన ఉత్కంఠ, తవ్వుడుతో హెచ్చిన వేగం, ఇవన్నీ ఒక్కసారిగా ఆ మాట దగ్గర ఆగిపోతాయి. అప్పటిదాకా వచ్చిన వేట కార్టూన్లలో జంతువు చేసే పని ఒకటే. వేటగాణ్ణి చూడగానే అరిచి పరిగెత్తడం, లేదా పిచ్చిగా గెంతడం. థియేటర్లో కూర్చున్నవాళ్లు అదే ఎదురుచూశారు. కుందేలు వీధిలో తెలిసినవాడు ఎదురైనట్టు పలకరించేసరికి హాలు హోరెత్తిపోయింది. తర్వాతెప్పుడో కార్టూన్ల చరిత్ర రాసిన జో ఆడమ్సన్‌తో మాట్లాడినప్పుడు ఏవరీయే ఈ సంగతి చెప్పాడు. తామెవరూ ఊహించనంత నవ్వు వచ్చిందని, ఆ నవ్వు విన్నాకే వీలైన ప్రతి చోటా ఈ మాట పెట్టాలనుకున్నారని. అంటే రాసినప్పుడు అది ఊతపదం కాదు, మామూలు డైలాగు. దాన్ని ఊతపదం చేసింది జనం నవ్వు.

మాట ఏవరీకి ఎక్కడిదంటే, తన ఊళ్లోనిదే. ఆయన టెక్సస్‌వాడు, 1908లో టేలర్ అనే ఊళ్లో పుట్టాడు, డల్లస్‌లో నార్త్ డల్లస్ హైస్కూల్లో చదివాడు. ఆ బళ్లో కుర్రాళ్లు ఒకరినొకరు "డాక్" అని పిలుచుకునేవాళ్లట. మనం "ఏరా గురూ" అంటాం చూడండి, అలాంటిది. వైద్యంతో దానికి సంబంధం లేదు. చిన్నప్పుడు మనలో చాలామంది ఎల్మర్ వేటకొచ్చిన డాక్టరనుకుని చూశారు, అది పాపం వాళ్ల తప్పు కాదు.

కేరట్ మాత్రం వేరే దారిన వచ్చింది. 1934లో వచ్చిన ఫ్రాంక్ కాప్రా చిత్రం "ఇట్ హాపెన్డ్ వన్ నైట్"లో క్లార్క్ గేబుల్ కంచెకి ఆనుకుని, కేరట్ కొరుకుతూ, నోట్లో ముక్క ఉండగానే గబగబా మాట్లాడే సన్నివేశం ఉంది. అప్పటి అమెరికా ప్రేక్షకులకి అది బాగా తెలిసిన సన్నివేశం కాబట్టి కుందేలు కేరట్ నములుతూ మాట్లాడితే ఎవర్ని అనుకరిస్తున్నాడో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అదే సినిమాలో షేప్‌లీ అనే వాగుడుకాయ పాత్ర గేబుల్‌ని "డాక్" అని పిలుస్తాడు. వాణ్ణి బెదిరించడానికి గేబుల్ "బగ్స్ డూలీ" అనే లేని గూండా పేరు చెబుతాడు. కేరట్, డాక్, బగ్స్ మూడూ ఒకే సినిమాలో ఉన్నాయి కాబట్టి అంతా అక్కడినుంచే ఎత్తుకొచ్చారని కొందరు తేల్చేస్తారు. కేరట్ వరకూ ఒప్పుకోవచ్చు. డాక్ సంగతి ఏవరీ తన నోటితో చెప్పాడు. బగ్స్ అనే పేరు వచ్చిన దారి పూర్తిగా వేరు, అది 1938 కుందేలుతో ముడిపడి ఉంది.

1938 ఏప్రిల్ 30న "పోర్కీస్ హేర్ హంట్" అనే నలుపు తెలుపు చిత్రం వచ్చింది. దర్శకుడు బెన్ హార్డవే. ఆయన్ని స్టూడియోలో అందరూ "బగ్స్" అని పిలిచేవారు. అంతకు ముందు ఏడాది ఏవరీ తీసిన "పోర్కీస్ డక్ హంట్"లో డాఫీ డక్ పుట్టి పెద్ద హిట్టయ్యాడు. అదే కథకి బాతు బదులు కుందేల్ని పెట్టారు. చిన్న తెల్ల కుందేలు, ఒక్కచోట కుదురుగా నిలబడదు, గెంతుతుంది, ఇకిలిస్తుంది. గొంతు మెల్ బ్లాంక్‌దే, కానీ ఆ నవ్వు వింటే తర్వాత వచ్చిన వుడీ వుడ్‌పెకర్ గుర్తొస్తాడు. కుందేలు తోలు కప్పుకున్న డాఫీ అనొచ్చు.

1939 మార్చి 25న చక్ జోన్స్ తీసిన "ప్రెస్టో చేంజో" వచ్చింది. ఇందులో కుందేలు ఒక ఇంద్రజాలికుడి ఇంట్లో ఉంటుంది, రెండు కుక్కల్ని ఏడిపిస్తుంది, నోరు మాత్రం విప్పదు. మాటే లేని చోట ఊతపదం వెతకడం దండగ. ఆ ఏడాదే ఆగస్టు 12న హార్డవే, కాల్ డాల్టన్ కలిసి "హేరమ్ స్కేరమ్" తీశారు. కుందేలు బూడిద రంగులోకి మారింది. చార్లీ థార్సన్ కొత్తగా గీశాడు. హార్డవే కోసం గీసినది కాబట్టి ఆ నమూనా బొమ్మల కాగితం మీద "బగ్స్ యొక్క కుందేలు" అనే అర్థంలో "బగ్స్' బన్నీ" అని రాశాడు. పేరు పుట్టింది అక్కడ, ఆ ఒక్క కాగితం మీద. చిత్రంలో ఆ పేరు ఎవరూ పలకరు. ప్రవర్తన కూడా పాతదే, తాను పిచ్చివాణ్ణని పాట పాడతాడు.

నాలుగోది 1940 మార్చి 2న వచ్చిన "ఎల్మర్స్ కేండిడ్ కెమెరా", మళ్లీ చక్ జోన్స్‌ది. ఎల్మర్ వేటకి కాదు, ఫొటోలు తియ్యడానికి అడవికి వస్తాడు. కుందేలు వాణ్ణి ఆటపట్టిస్తాడు. రెండు పాత్రలూ ఉన్నాయి, గొంతులూ ఆ ఇద్దరివే, అడవి కూడా ఉంది. జూలైలో వచ్చేదానికి ఇది అచ్చం చిత్తుప్రతిలా ఉంటుంది, అందుకే చాలామంది ఇదే మొదటిదని పొరబడతారు. కానీ నడక మరీ నిదానం, కుందేలు చేష్టలకి కారణం ఉండదు. ఎల్మర్ ఎవరికీ హాని చెయ్యని ఫొటోలవాడు కాబట్టి వాణ్ణి ఏడిపించే కుందేలు మీద మనకి ఇష్టం కలగదు. జోన్స్ కూడా తర్వాతి కాలంలో ఈ చిత్రాన్ని మెచ్చుకోలేదు.

ఏవరీ మార్చిన ముఖ్యమైన విషయం అదే. ఎల్మర్ చేతికి కెమెరా బదులు తుపాకీ ఇచ్చాడు. ఎదుటివాడు చంపడానికి వచ్చినప్పుడే కుందేలు ధీమాకి విలువ వస్తుంది. బాబ్ గివెన్స్ చేత కుందేల్ని తిరిగి గీయించాడు. ఒడ్డూపొడుగూ పెరిగింది, నిటారుగా నిలబడ్డాడు. బ్లాంక్ గొంతు కూడా మారింది, న్యూయార్క్‌లోని బ్రాంక్స్, బ్రూక్లిన్ యాసలు రెండూ కలిపి, వీధి మొగలో నిలబడి మాట్లాడే గడుసువాడి ధోరణి తెచ్చాడు. ఈ మూడు మార్పులూ కలిస్తేనే "వాట్సప్, డాక్?" అతుకుతుంది. 1938 కుందేలు నోట్లో అదే మాట పెట్టి ఊహించుకోండి. అస్సలు నవ్వు రాదు, ఎందుకంటే ఆ కుందేలు ఎలాగూ పిచ్చివాడే, వాడు ఏమన్నా అంటాడు. భయపడాల్సిన చోట భయపడని తెలివైనవాడు అన్నప్పుడే ఆ మాట పేలుతుంది. 1938 వాళ్లతో ఈ విషయం మీదే విభేదించాల్సి వస్తుంది. పేరుకి మూలం వాళ్ల కుందేలే, మనిషి మాత్రం 1940 జూలైలోనే పుట్టాడు. స్టూడియో కూడా ఆ లెక్కనే పాటించి 1990లో బగ్స్‌కి 50 ఏళ్ల పండగ చేసింది.

ఇంకో చిక్కు ఏమిటంటే, "ఏ వైల్డ్ హేర్" మొత్తంలో కుందేలుకి పేరు లేదు. ఊతపదం ముందు వచ్చింది, పేరు తర్వాత వచ్చింది. తెరమీద బగ్స్ బన్నీ అనే పేరు మొదట కనిపించేది 1941 జనవరి 4న వచ్చిన "ఎల్మర్స్ పెట్ రాబిట్"లో. అది జోన్స్ చిత్రం, అందులో గొంతు మళ్లీ వేరుగా ఉంటుంది, చేతులకి పసుపు గ్లవ్స్ ఉంటాయి. పేరు పడింది కదా అని దాన్నే మొదటి బగ్స్ చిత్రం అనేవాళ్లూ ఉన్నారు. ఏవరీ రెండోసారి ఆ కుందేల్ని తీసింది 1941 మార్చి 15న వచ్చిన "టార్టాయిస్ బీట్స్ హేర్"లో. ఆయన బగ్స్‌తో తీసినవి మొత్తం 4 చిత్రాలే. 1941లో "ద హెక్లింగ్ హేర్" ముగింపు విషయంలో ష్లెసింగర్‌తో గొడవపడి స్టూడియో వదిలేశాడు. మాటని పుట్టించినవాడు వెళ్లిపోయాక దాన్ని పెంచింది జోన్స్, ఫ్రిజ్ ఫ్రెలెంగ్, బాబ్ క్లాంపెట్, తర్వాత రాబర్ట్ మెకిమ్సన్. మనం టీవీలో విన్న "వాట్సప్, డాక్"ల్లో చాలా వాటికి ఏవరీతో సంబంధం లేదు.

కేరట్ చప్పుడు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది లేకపోతే ఆ మాట సగమే. బ్లాంక్ నిజంగానే కేరట్లు కొరికి నమిలేవాడు. నోటి నిండా ముక్కలుంటే తర్వాతి డైలాగు పలకడం కుదరదు, మింగేదాకా ఆగితే రికార్డింగు ఆగిపోతుంది. వేరే కూరగాయలు వాడి చూశారు, వాటికి ఆ విరుపు రాలేదు. చివరికి కుదిరిన పద్ధతి, నమిలి, ఆపి, పక్కనున్న పాత్రలో ఉమ్మేసి, డైలాగు చెప్పడం. బ్లాంక్‌కి కేరట్ పడదు, తింటే ఒంటికి దద్దుర్లొస్తాయి అనే కథ ఒకటి చాలా ఏళ్లుగా తిరుగుతోంది. అది నిజం కాదు. ఉమ్మేసేవాడన్న నిజం మీద జనం అల్లుకున్న అల్లిక.

ఇక మూడోవాళ్ల వాదన. "వాట్స్ అప్, డాక్?" అనే పేరుతోనే 1950 జూన్ 17న ఒక చిత్రం వచ్చింది, దర్శకుడు మెకిమ్సన్. అందులో పేరుమోసిన తార అయిపోయిన బగ్స్ ఫోనులో విలేకరికి తన జీవితచరిత్ర చెబుతాడు. కోరస్‌లో గంతులేసిన రోజులు, పార్కు బెంచీ మీద పనికోసం ఎదురుచూసిన చలికాలం, అక్కడ పెద్ద స్టేజీ నటుడు ఎల్మర్ తనని చేరదీయడం. ఎల్మర్‌తో కలిసి ఊరూరా నాటకాలాడుతూ ఎప్పుడూ దెబ్బలు తినేవాడిగా ఉండి విసిగిపోయి, ఒకరోజు ఎదురుతిరిగితే ఎల్మర్ తుపాకీ గురిపెడతాడు. అప్పుడు బగ్స్ నోటివెంట "వాట్సప్, డాక్?" అని వస్తుంది, జనం విరగబడి నవ్వుతారు, అదే వాళ్ల ఆటగా స్థిరపడుతుంది.

ఇది చూసినవాళ్లు ఆ మాట ఇక్కడే పుట్టిందనుకోవడం సహజం. కథలో బగ్స్ అలాగే చెబుతున్నాడు కదా. అప్పటికి ఆ మాట వయసు పదేళ్లు. అయినా ఈ కట్టుకథలో ఒక నిజం దాగి ఉంది. కావాలని రాసుకున్న మాట కాదది, జనం నవ్వాకే నిలబడింది అన్న సంగతి ఏవరీ చెప్పినదానితో సరిపోతుంది. మెకిమ్సన్ బొమ్మలు గీసే రోజుల్నుంచీ ఆ స్టూడియోలోనే ఉన్నవాడు, ఆ నవ్వు సంగతి తెలియకుండా ఉండదు.

తేదీలు తేల్చుకున్నాక ఇంకా ఒక పని మిగులుతుంది. మనం చూస్తున్నది అసలు 1940 ప్రింటేనా అన్నది తేల్చుకోవడం. టీవీలో మనం చూసినది చాలావరకు అది కాదు. కారణం తెలియాలంటే ఆ చిత్రాలు చేతులు మారిన దారి చూడాలి. వార్నర్ బ్రదర్స్ 1948 ఆగస్టుకి ముందు విడుదలైన రంగుల కార్టూన్లని 1956లో టీవీ కోసం అసోసియేటెడ్ ఆర్టిస్ట్స్ ప్రొడక్షన్స్ అనే సంస్థకి అమ్మేసింది. అక్కడినుంచి యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కి, 1981లో ఆ సంస్థతో పాటు ఎంజీఎంకి, 1986లో టెడ్ టర్నర్‌కి చేరాయి. 1992లో టర్నర్ అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ పెట్టగలిగాడంటే చేతిలో ఈ మూట ఉండబట్టే. ఆ ఛానెల్లో వేసిన మొట్టమొదటి కార్టూన్ కూడా ఒక బగ్స్ చిత్రమే, 1946 నాటి "రాప్సడీ రాబిట్". మూడేళ్లకి మన ఇళ్లకి వచ్చింది కూడా ఈ మూటే. ఎంజీఎం సరుకు అందులోనే ఉంది కాబట్టి టామ్ అండ్ జెర్రీ కూడా పక్కనే వచ్చింది. ఆ జంట తొలి చిత్రం "పుస్ గెట్స్ ద బూట్", ఈ "ఏ వైల్డ్ హేర్" రెండూ 1940వే, రెండూ ఒకే ఏడాది ఆస్కార్‌కి పోటీపడి "ద మిల్కీ వే" అనే చిత్రం చేతిలో ఓడిపోయాయి. మనం సెలవుల్లో ఒకే మధ్యాహ్నం వెనకా ముందూ చూసిన ఆ రెండిటి వయసూ అలా ఒకటే. వార్నర్ వాళ్ల ఇంకో వరస అయిన నలుపు తెలుపు "లూనీ ట్యూన్స్" మాత్రం ఈ మూటలో లేవు. అందుకే 1938 తెల్ల కుందేలు మనకి అంత పరిచయం లేదు.

అసలు ప్రింటు పోవడానికి కారణం వార్నర్ వాళ్ల పద్ధతే. బాగా ఆడిన పాత కార్టూన్లని "బ్లూ రిబ్బన్" అనే ముద్రతో మళ్లీ విడుదల చేసేవారు. అప్పుడు మొదట్లో వచ్చే అసలు పేర్లు కత్తిరించి కొత్త టైటిల్ అతికించేవారు. దర్శకుడి పేరు, కథకుడి పేరు అన్నీ దాంతో పోయేవి. ఈ చిత్రాన్ని 1944లో అలా విడుదల చేసినప్పుడు టైటిల్ కూడా "ఏ వైల్డ్ హేర్" నుంచి "ద వైల్డ్ హేర్"గా మారింది. టీవీకి వెళ్లింది ఈ మారిన నెగెటివే. పాత వీడియో చూసి దర్శకుడి పేరు లేదేమిటని తికమకపడేవాళ్లు ఉంటారు. పేరు లేకపోవడమే అది మలి ప్రింటని చెప్పే మొదటి గుర్తు.

రెండో గుర్తు చెవితో పట్టుకోవాలి. పలకరింపు అయిపోయాక ఇంకాస్త ముందుకెళ్తే, కుందేలు వెనకనుంచి ఎల్మర్ కళ్లు మూసి ఎవరో చెప్పుకోమంటాడు. ఎల్మర్ అప్పటి అందగత్తెలైన సినిమా తారల పేర్లు ఒక్కొక్కటే తన ముద్దుపలుకులో చెబుతాడు, హెడీ లమార్ లాంటివి. 1940 ప్రింటులో ఆ వరసలో కరోల్ లోంబార్డ్ పేరు ఉంటుంది. ఆమె 1942 జనవరిలో విమాన ప్రమాదంలో చనిపోయింది. చనిపోయిన మనిషి పేరుతో హాస్యం బాగుండదని 1944 ప్రింటులో ఆ ఒక్క ముక్కా మళ్లీ రికార్డు చేసి బార్బరా స్టాన్‌విక్ పేరు పెట్టారు. కాబట్టి చూస్తున్న ప్రింటులో లోంబార్డ్ వినిపిస్తే శబ్దం 1940ది, స్టాన్‌విక్ వినిపిస్తే 1944ది. టైటిల్ కార్డు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు, ఎందుకంటే దొరికిన పాత టైటిళ్లని తీసుకొచ్చి మలి ప్రింటుకి అతికించిన వీడియోలు కూడా తిరుగుతుంటాయి. టైటిల్, తారల పేర్లు రెండూ కలిసినప్పుడే నమ్మాలి.

పలకరింపు ఉన్న సన్నివేశం జోలికి మాత్రం 1944లో ఎవరూ వెళ్లలేదు. బుర్రమీద తట్టడం, కేరట్ నమలడం, ఆ మాట, దానికి ఎల్మర్ అమాయకపు జవాబు రెండు ప్రింటుల్లోనూ 1940లో రికార్డు చేసినవే. మనం 1995లో విన్నది మలి ప్రింటే అయినా, ఆ రెండు మాటల వరకూ విన్నది అసలుదే.